సపోర్ట్ కింద పుట్: స్ట్రైక్ ఎక్కడ, ఎక్స్‌పైరీ ఎంత దూరం

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క పరిస్థితి గురించి మాట్లాడతాను. మీ దగ్గర ఒక షేర్ ఉంది. దాన్ని అమ్మే ఉద్దేశం లేదు. కానీ చార్ట్ చూస్తే ప్రస్తుత ధరకి కొంచెం కింద ఒక ముఖ్యమైన సపోర్ట్ కనిపిస్తోంది. అక్కడ నిలబడితే ఫర్వాలేదు, విరిగితే మాత్రం కింద చాలా లోతు ఉంది. ఇలాంటప్పుడు రక్షణకి పుట్ కొనాలనుకుంటే ఏ స్ట్రైక్ కొనాలి, ఏ నెలది కొనాలి? ఇంతే మన విషయం. పుట్ అంటే ఏమిటో, ప్రీమియం అంటే ఏమిటో మీకు తెలుసని అనుకుని మొదలుపెడుతున్నాను.

లెక్కల కోసం ఒక ఊహా షేర్ తీసుకుందాం. ధర 1,000 రూపాయలు. లాట్ 500 షేర్లు. మీ దగ్గర సరిగ్గా 500 ఉన్నాయి, అంటే 5 లక్షల పెట్టుబడి. రోజువారీ చార్ట్‌లో గత ఐదారు నెలల్లో మూడుసార్లు కిందికి వచ్చి తిరిగి లేచింది. ఆ మూడు అడుగులు 918, 926, 930. దాని కింద 850 వరకు చెప్పుకోదగ్గ అడుగు ఏదీ లేదు. అంతకుముందు ధర అక్కడి నుంచి ఒకే ఊపులో పైకి వచ్చింది కాబట్టి, ఆ మధ్యలో ఎక్కువ లావాదేవీలు జరగలేదు.

ఇందులో మొదట గమనించాల్సింది, సపోర్ట్ అనేది ఒక గీత కాదు, ఒక పట్టీ. చాలామంది 918 దగ్గర ఒక గీత గీసి, అదే సపోర్ట్ అంటారు. మూడు అడుగులూ కలిపితే 915 నుంచి 930 వరకు పట్టీ అవుతుంది. పట్టీకి పై అంచు ఒకటి, కింది అంచు ఒకటి. స్ట్రైక్ ఎంచుకునేటప్పుడు పై అంచు ముఖ్యం. సపోర్ట్ విరిగిందా లేదా తేల్చుకునేటప్పుడు కింది అంచు ముఖ్యం. ఈ రెండు పనులకీ ఒకే అంకె వాడితే చిక్కు వస్తుంది, అది ఎలాగో తర్వాత చూద్దాం.

ముందు ఒక న్యాయమైన ప్రశ్న. సపోర్ట్ కింద స్టాప్‌లాస్ పెట్టుకుంటే సరిపోదా? డబ్బు కట్టి పుట్ ఎందుకు? రెండు కారణాలున్నాయి.

మొదటిది గ్యాప్. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఉదాహరణ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 జనవరి 16న షేర్ 1,679 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం త్రైమాసిక ఫలితాలు వచ్చాయి. మర్నాడు 1,537 దగ్గర ముగిసింది, ఒక్కరోజులో 8 శాతానికి పైగా నష్టం. ఇప్పుడు చార్ట్ తెరిచి చూస్తే ఈ ధరలు సగానికి సగం కనిపిస్తాయి, 2025 ఆగస్టులో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు కాబట్టి. ఆ రోజు 1,640 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నవారికి ఆ ధర దొరకలేదు. షేర్ తెరుచుకోవడమే అంతకన్నా చాలా కింద తెరుచుకుంది. లిమిట్‌తో కూడిన స్టాప్‌లాస్ పెట్టినవారికైతే ఆర్డర్ అమలు కాకుండా అలాగే ఉండిపోయి ఉంటుంది. అదే 1,640 పుట్ చేతిలో ఉన్నవారికి ధర ఎక్కడ తెరుచుకున్నా 1,640కి అమ్మే హక్కు పోలేదు.

రెండో కారణం సపోర్ట్‌కి ప్రత్యేకం. సపోర్ట్‌లు తరచూ అబద్ధంగా విరుగుతాయి. మన ఊహా షేర్ మధ్యాహ్నం 908 వరకు జారి, సాయంత్రానికి 935 దగ్గర ముగియవచ్చు. అందరి స్టాప్‌లాస్‌లూ ఒకేచోట, సపోర్ట్‌కి కొంచెం కింద, గుంపుగా ఉంటాయి. వాటిని తాకించి ధర మళ్ళీ పైకి పోవడం మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. స్టాప్‌లాస్ అయితే మీ షేర్ చేయి దాటిపోతుంది. పుట్ ఉంటే ఆ మధ్యాహ్నం మీరు ఏమీ చేయక్కర్లేదు. నా దృష్టిలో సపోర్ట్ దగ్గర పుట్ కొనడానికి ఇదే అసలైన కారణం. ఆ డబ్బుతో మీరు కొంటున్నది ధర రక్షణ ఒక్కటే కాదు, సాయంత్రం ముగింపు దాకా ఆగి చూసే వెసులుబాటు కూడా.

ఇప్పుడు స్ట్రైక్‌కి వద్దాం. అందరికీ తట్టే ఆలోచన ఇది: "సపోర్ట్ 915 దగ్గర ఉంది. అక్కడివరకు పడినా తిరిగి లేస్తుంది. విరిగితేనే నాకు రక్షణ కావాలి. కాబట్టి 900 పుట్ కొంటాను, చవకగా వస్తుంది." వినడానికి బాగానే ఉంది. ధరలు చూద్దాం. ఏడాదిలో షేర్ ఎంత కదులుతుందని ఆప్షన్ ధరలు అంచనా వేస్తున్నాయో చెప్పే ఇంప్లైడ్ వొలటాలిటీ, అంటే ఐవీ, ఈ షేర్‌కి 30 శాతం అనుకుందాం. ఎక్స్‌పైరీకి ఏడు వారాలు ఉంటే 900 పుట్ సుమారు 8 రూపాయలు, 940 పుట్ సుమారు 17, ప్రస్తుత ధర దగ్గరి 1,000 పుట్ సుమారు 39 రూపాయలు ఉంటాయి. ఇవి బ్లాక్ షోల్స్ లెక్కతో వచ్చిన అంకెలు. నిజమైన మార్కెట్లో కింది స్ట్రైక్‌ల ఐవీ కొంచెం ఎక్కువగా ఉంటుంది కాబట్టి 900 పుట్ ఇంకాస్త ప్రియంగా ఉండొచ్చు.

ఒక్కో దాంట్లో మీ గరిష్ఠ నష్టం ఎంత? ప్రస్తుత ధరలోంచి స్ట్రైక్ తీసేసి, ప్రీమియం కలపాలి. 1,000 పుట్‌కి 39 రూపాయలు, అంటే లాట్‌కి 19,500. 940 పుట్‌కి 60 రూపాయల పతనం, పైన 17 ప్రీమియం, మొత్తం 77 రూపాయలు, లాట్‌కి 38,500. 900 పుట్‌కి 108 రూపాయలు, లాట్‌కి 54,000. మోటారు బీమాలో మొదటి కొంత ఖర్చు మీరే పెట్టుకుంటామని ఒప్పుకుంటే ప్రీమియం తగ్గుతుంది కదా, ఇక్కడ ప్రస్తుత ధరకీ స్ట్రైక్‌కీ మధ్య దూరం అలాంటిది. 900 పుట్ కొన్న మనిషి 4,000 రూపాయలు కట్టి, 50,000 నష్టం తానే భరిస్తానని రాసిచ్చినట్టు.

అయినా సరే, సపోర్ట్ మీద నమ్మకం ఉంది కదా, అనొచ్చు. ఇక్కడే అసలు తేడా ఉంది. ఎక్స్‌పైరీ నాడు ఎంత వస్తుందో ఒక్కటే చూస్తే సరిపోదు. సపోర్ట్ విరిగిన రోజున ఏ పుట్ ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. మూడు వారాలు గడిచాయనుకోండి. షేర్ 930 దాటి, 915 కూడా దాటి, 910 దగ్గర ముగిసింది. కంగారు పెరిగి ఐవీ 38కి వెళ్ళింది. ఎక్స్‌పైరీకి ఇంకా నాలుగు వారాలుంది. అప్పుడు 940 పుట్ సుమారు 53 రూపాయలు ఉంటుంది, 900 పుట్ సుమారు 31 ఉంటుంది. షేర్ మీద మీ నష్టం 90. 940 పుట్ మీద లాభం 36 కాబట్టి నికరంగా 54 నష్టం. 900 పుట్ మీద లాభం 23, నికరంగా 67 నష్టం.

తేడా 13 రూపాయలే కదా అనిపించవచ్చు. కానీ ఇక్కడి నుంచి షేర్ ఇంకా జారి ఎక్స్‌పైరీకి 850 దగ్గర ఆగితే 940 పుట్ ఉన్నవారి నష్టం 77 దగ్గరే ఆగిపోతుంది. 900 పుట్ ఉన్నవారి నష్టం 108 వరకు వెళుతుంది. ఇంకో సంగతి, 910 దగ్గర ఉన్నప్పుడు మీకు నిర్ణయం తీసుకునే స్థితి ఉండాలి. 940 పుట్ ఉన్న మనిషి చేతిలో అప్పటికే 940కి అమ్మే హక్కు ఉంది, అది మార్కెట్ ధరకన్నా 30 రూపాయలు పైన. 900 పుట్ ఉన్న మనిషి హక్కు ఇంకా మార్కెట్ ధరకి కిందే ఉంది. సపోర్ట్ విరిగిందని తేలిన రోజునే అతని పుట్‌కి అంతర్గత విలువ సున్నా. విరిగాక మళ్ళీ 915 దగ్గరికి లేచి అక్కడే నెల రోజులు నలిగితే, ఆ 900 పుట్ మొత్తం ఆవిరైపోతుంది. సపోర్ట్ విరిగిన మాట నిజం, షేర్ నష్టం నిజం, పుట్ మాత్రం సున్నా.

అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. స్ట్రైక్ సపోర్ట్ పట్టీకి కింద వద్దు. పై అంచుకి ఒక మెట్టు పైన చూడండి. మన షేర్‌లో పై అంచు 930, స్ట్రైక్‌ల మధ్య దూరం 20 అనుకుంటే, 940 అవుతుంది. ధర సపోర్ట్‌ని తాకేసరికి ఆ పుట్ సరిగ్గా మేల్కొంటుంది, దాని డెల్టా సగం దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత షేర్ పడే ప్రతి రూపాయిలో సగం, ఆపైన ఇంకా ఎక్కువ భాగం పుట్ తిరిగి ఇస్తూ ఉంటుంది. మీకు ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో అక్కడే పుట్ పని మొదలవ్వాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. సపోర్ట్ కింద ఏముందో చూడండి. మన ఉదాహరణలో 915 నుంచి 850 వరకు ఖాళీ. అలాంటప్పుడు పై స్ట్రైక్‌కి డబ్బు పెట్టడం సబబు. అదే 890 దగ్గర ఇంకో గట్టి అడుగు ఉంటే, అక్కడ ఎక్కువ వాల్యూమ్‌తో వారాల తరబడి ధర నిలిచి ఉంటే, విరిగినా పోయేది పాతిక ముప్పై రూపాయలే కావచ్చు. అప్పుడు 17 రూపాయలు కట్టి పుట్ కొనడంలో పెద్ద అర్థం లేదు. పొజిషన్‌లో కొంత తగ్గించుకోవడం మేలు. చార్ట్‌లో సపోర్ట్ ఎంత బలంగా ఉందో అందరూ చూస్తారు. దాని కింద ఎంత లోతుందో కొద్దిమందే చూస్తారు. పుట్ ధర సబబా కాదా అనేది ఆ లోతు చెబుతుంది.

ఎక్స్‌పైరీ సంగతికి వద్దాం. ఇక్కడ ఎక్కువమంది తప్పు దారి పడతారని నాకు అనిపిస్తుంది, కొంచెం నెమ్మదిగా వెళదాం.

మన దగ్గర స్టాక్ ఆప్షన్లకి వారపు ఎక్స్‌పైరీలు లేవు, నెలవారీవే ఉంటాయి. ఎన్‌ఎస్‌ఈలో 2025 సెప్టెంబర్ నుంచి నెలలో చివరి మంగళవారం. అంతకుముందు చివరి గురువారం ఉండేది, పాత పుస్తకాల్లో, వీడియోల్లో అదే కనిపిస్తుంది. ఒకేసారి మూడు నెలల కాంట్రాక్టులు ఉంటాయి. ఈ నెల, వచ్చే నెల, ఆపై నెల. నిజానికి లావాదేవీలు ఈ నెలలో దండిగా, వచ్చే నెలలో ఓ మోస్తరుగా జరుగుతాయి. మూడో నెలలో చాలా షేర్లకి కొనేవాడూ అమ్మేవాడూ కనబడరు. కాబట్టి మీ అసలు ఎంపిక రెండింటి మధ్యే. మన ఉదాహరణలో ఈ నెల ఎక్స్‌పైరీకి మూడు వారాలు ఉంది, వచ్చే నెలదానికి ఏడు వారాలు ఉంది అనుకుందాం.

ఈ నెల 940 పుట్ సుమారు 7 రూపాయలకే వస్తుంది. వచ్చే నెలది 17. పది రూపాయలు మిగిలాయి కదా అని ఈ నెలది కొంటారు. దీన్ని పరీక్షించడానికి చిన్న లెక్క ఒకటుంది. షేర్ ఇప్పుడున్న చోటి నుంచి సపోర్ట్ దాకా రావడానికి మామూలుగా ఎన్నాళ్ళు పడుతుంది?

ఐవీని 16తో భాగిస్తే షేర్ రోజువారీ కదలిక శాతంలో వస్తుంది. సంవత్సరానికి సుమారు 252 ట్రేడింగ్ రోజులు, దాని వర్గమూలం దాదాపు 16, అందుకే 16. మన షేర్‌కి 30ని 16తో భాగిస్తే 1.9 శాతం, అంటే రోజుకి సుమారు 19 రూపాయలు. సపోర్ట్ పై అంచు 70 రూపాయల దూరంలో ఉంది. 70ని 19తో భాగిస్తే నాలుగుకి కొంచెం తక్కువ. అంటే నాలుగు రోజుల్లో వస్తుందా? రాదు. షేర్ రోజూ కిందికే పోదు, పైకీ కిందికీ తిరుగుతూ పోతుంది. అలా తిరిగేది ఎంత దూరం పోతుందనేది రోజుల వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ 3.7ని వర్గం చేయాలి. సుమారు 14 వస్తుంది. పద్నాలుగు ట్రేడింగ్ రోజులు, అంటే దగ్గరదగ్గర మూడు వారాలు.

ఇప్పుడు ఆ 7 రూపాయల పుట్‌ని మళ్ళీ చూడండి. షేర్ మామూలు వేగంతో దిగుతూ సపోర్ట్ దగ్గరికి చేరే సమయానికి మీ పుట్ గడువు తీరిపోతుంది. 930 దగ్గర ఎక్స్‌పైరీ అయితే 10 రూపాయలు వస్తాయి, 7 పోగా 3 లాభం. షేర్ మీద 70 నష్టం. మర్నాడు పొద్దున్న మీరు సరిగ్గా సపోర్ట్ మీద నిలబడి ఉన్నారు, చేతిలో పుట్ లేదు. మీకు రక్షణ కావాల్సింది ఆ రోజు నుంచే. మళ్ళీ కొందామంటే ఆ రోజున 940 పుట్ చవకగా రాదు. షేర్ 930 దగ్గర, ఐవీ 33 దగ్గర ఉన్నప్పుడు నాలుగు వారాల 940 పుట్ సుమారు 37 రూపాయలు ఉంటుంది. అందులో పదే అంతర్గత విలువ, మిగతాదంతా భయానికీ కాలానికీ కట్టే డబ్బు.

అందుకే గడువు లెక్క ఇలా వేసుకోండి. సపోర్ట్ దాకా రావడానికి పట్టే రోజులు ఒక భాగం. అక్కడికి వచ్చాక నిలబడిందా విరిగిందా తేలడానికి, విరిగితే కిందికి జారడానికి పట్టే రోజులు ఇంకో భాగం. రెండో భాగం కూడా మొదటిదానంత ఉండాలని నేను పెట్టుకుంటాను. ఇక్కడ 14, 14 కలిపి 28 ట్రేడింగ్ రోజులు. ఏడు వారాల్లో సెలవులు లేకపోతే దాదాపు 35 ట్రేడింగ్ రోజులుంటాయి, సరిపోతుంది. మూడు వారాల్లో 15 ఉంటాయి, చాలవు. ఇది జోస్యం కాదు, గడువుకి ఒక కొలబద్ద మాత్రమే. పతనాలు ఈ లెక్కకన్నా వేగంగా కూడా వస్తాయి. వేగంగా వస్తే ఎక్కువ గడువున్న పుట్ మీకు నష్టమేమీ చేయదు, నెమ్మదిగా వస్తే తక్కువ గడువున్న పుట్ మిమ్మల్ని నడిమధ్యలో వదిలేస్తుంది.

ఇక్కడ ఫలితాల తేదీ కూడా చూడాలి. మన షేర్‌కి ఐదు వారాల తర్వాత త్రైమాసిక ఫలితాలు ఉన్నాయనుకోండి. సపోర్ట్‌లు ఎక్కువగా ఇలాంటి రోజునే గ్యాప్‌తో విరుగుతాయి. ఈ నెల పుట్ ఆ తేదీకి ముందే చచ్చిపోతుంది. వచ్చే నెలది దాటుతుంది. అయితే ఫలితాలు దగ్గరపడే కొద్దీ ఐవీ పెరుగుతుంది, ఫలితాలు రాగానే పడిపోతుంది. ముందురోజు సాయంత్రం కంగారుగా కొంటే ఆ ఉబ్బిన ధర మీరే కడతారు. షేర్ కొంచెం పడినా పుట్ ధర పెరగకపోవచ్చు. అందుకని మూడు నాలుగు వారాల ముందు, షేర్ ఇంకా సపోర్ట్‌కి ఎత్తులో ఉన్నప్పుడు, ఎవరూ భయపడనప్పుడు కొనడం మేలు.

కొన్నాక ఏం చేయాలి? ఇక్కడ రెండు సందర్భాలు వివరంగా చెబుతాను, మిగతావి మీకే తెలుస్తాయి.

మొదటిది, షేర్ 930కి వచ్చింది. మీ 17 రూపాయల పుట్ 40 అయింది. స్క్రీన్ మీద పచ్చగా కనిపిస్తోంది. చాలామంది ఇక్కడ అమ్మేస్తారు, "సపోర్ట్ వచ్చింది, ఇక లేస్తుంది, పుట్‌లో లాభం తీసుకుందాం" అని. ఆ ఆలోచన ట్రేడర్‌ది, షేర్ కాపాడుకుంటున్న మనిషిది కాదు. మీరు ఆ పుట్ కొన్నది 930 కింద ఏమవుతుందో అన్న భయంతో. సరిగ్గా 930 దగ్గర దాన్ని అమ్మితే, ఇన్నాళ్ళూ కట్టిన ప్రీమియం దేనికి కట్టినట్టు? 23 రూపాయల లాభం తీసుకుని, 915 కింద ఉన్న ఆ లోతుకి షేర్‌ని ఒంటరిగా వదిలేసినట్టు. దయచేసి సపోర్ట్‌ని తాకినప్పుడు అమ్మకండి. తాకి, లేచి, పైన ఒకటి రెండు రోజులు ముగిసి, సపోర్ట్ నిలిచిందని చార్ట్ చూపించాక అమ్మండి. అప్పటికి షేర్ 990 దగ్గరికి లేచి, గడువు నాలుగు వారాలు మిగిలి ఉంటే ఆ పుట్ ఇంకా 10 రూపాయలు ఉంటుంది. అంటే రక్షణకి మీకు అయిన ఖర్చు 7.

రెండోది, నిజంగా విరిగింది. ఏ ఆధారంతో చెప్పాలి? ఇందాక కింది అంచు ముఖ్యం అన్నాను. మధ్యాహ్నపు ధర కాదు, 915 కింద ముగింపు చూడండి. మామూలుకన్నా ఎక్కువ వాల్యూమ్‌తో ముగిస్తే ఇంకా గట్టి సూచన. మర్నాడు 915 పైకి తిరిగి రాలేకపోతే దాదాపు ఖాయం. ఇక్కడ మీరు ముందే తేల్చుకుని ఉండాల్సిన ప్రశ్న ఒకటుంది: సపోర్ట్ విరిగితే ఈ షేర్ ఉంచుకుంటానా, అమ్మేస్తానా? అమ్మేస్తానంటే షేర్‌నీ పుట్‌నీ రెండింటినీ ఒకేసారి అమ్మండి, లేదా ఎక్స్‌పైరీ దాకా ఆగి 940కి డెలివరీ ఇవ్వండి. రెండోదానిలో గడువులోని మిగిలిన విలువ పోతుంది. కాబట్టి పుట్ ధరలో కాలం విలువ బాగా మిగిలి ఉంటే రెండూ అమ్మడమే లాభం. ఉంచుకుంటానంటే పుట్‌ని 850 దాకా పోనిచ్చి, అక్కడ అమ్మి ఆ డబ్బుతో షేర్ సగటు ధర తగ్గించుకోవచ్చు.

ఇవి రెండూ కాక ఏమీ జరగకపోతే? షేర్ 1,000 దగ్గరే తిరుగుతూ ఉంది, రెండు వారాల గడువు మిగిలింది. 940 పుట్ సుమారు 4 రూపాయలకి పడిపోయి ఉంటుంది. అక్కడి నుంచి అది కరిగే వేగం ఎక్కువ, రక్షించే శక్తి తక్కువ. ప్రమాదం ఇంకా ఉందనుకుంటే అమ్మేసి వచ్చే నెలకి రోల్ చేయండి. లేదనుకుంటే వదిలేయండి. ఇలా ఐదు వారాలకి 13 రూపాయల ఖర్చు అయింది. దీన్నే ఏడాది పొడవునా చేస్తూ పోతే షేర్ విలువలో 13 శాతం దాకా ప్రీమియానికే పోతుంది. ఏ షేరూ ఆ బరువు మోయలేదు. సపోర్ట్ దగ్గరపడినప్పుడు, ఫలితాల తేదీ ఎదురుగా ఉన్నప్పుడు, ఒక కిటికీ లాంటి కాలానికే పుట్ కొనాలి.

ఇక ప్రశ్నలు. ముందు వరుసలో ఒకాయన అడుగుతున్నారు, తన దగ్గర 300 షేర్లే ఉన్నాయి, లాట్ 500, ఏం చేయాలని. అండీ, సూటిగా చెబుతాను, ఒక లాట్ కొంటే 200 షేర్లకి మీరు పతనం మీద పందెం కాసినట్టవుతుంది. అందులో నష్టం ప్రీమియం వరకే పరిమితం, కానీ రక్షణకి మీరు కట్టే ఖర్చు షేర్‌కి 17 కాదు, 8,500ని 300తో భాగిస్తే 28 పైచిలుకు. అది చూసుకుని నిర్ణయించుకోండి. నిఫ్టీ పుట్ దీనికి బదులు కాదు. మీరు చూస్తున్న సపోర్ట్ ఈ కంపెనీది, అది విరిగిన రోజు నిఫ్టీ పచ్చగా ఉండొచ్చు. ఇలాంటప్పుడు కొన్ని షేర్లు అమ్మి తగ్గించుకోవడమే సులువైన దారి అని నా అభిప్రాయం.

ఎవరో అమ్మాయి ఫిజికల్ సెటిల్‌మెంట్ గురించి అడిగారు. మంచి ప్రశ్న, చాలామందికి దీని మీద టెన్షన్ ఉంటుంది. స్టాక్ ఆప్షన్లు ఎక్స్‌పైరీ నాడు ఇన్ ద మనీలో ఉంటే డబ్బు కాదు, షేర్లే చేతులు మారతాయమ్మా. మీరు షేర్ ఉంచుకున్నవారు కాబట్టి మీకు ఇది భయపడాల్సిన విషయం కాదు. మీ 500 షేర్లు 940కి వెళ్ళిపోతాయి, అంతే. రెండు విషయాలు మాత్రం చూసుకోవాలి. ఆ షేర్లు అదే బ్రోకర్ దగ్గరి డీమ్యాట్‌లో, తాకట్టు లేకుండా ఉండాలి. మార్జిన్ కోసం ప్లెడ్జ్ చేసి ఉంటే ముందే విడిపించుకోండి. చివరి నాలుగు రోజుల్లో డెలివరీ మార్జిన్ రోజురోజుకీ పెరుగుతుంది, మీ బ్రోకర్ దాన్ని ఎలా చూస్తారో ముందే కనుక్కోండి. షేర్లు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ చివరి వారంలోకి వెళ్ళకుండానే పుట్ అమ్మేసి బయటపడండి. మన ఆప్షన్లు యూరోపియన్ తరహావి, మధ్యలో హక్కు వాడుకోవడం కుదరదు, అమ్ముకోవడమే దారి. లోతుగా ఇన్ ద మనీలోకి పోయిన పుట్‌కి కొనేవారు తక్కువగా ఉంటారు, బిడ్ అంతర్గత విలువకన్నా కిందికి కూడా పోతుంది. అందుకే మార్కెట్ ఆర్డర్ వేయకండి, లిమిట్ పెట్టి కాసేపు ఆగండి.

కొనేటప్పుడూ అంతే అని వెనక నుంచి ఎవరో అంటున్నారు, నిజమే. వచ్చే నెల 940కి బిడ్ 15.50, ఆస్క్ 19 ఇలా కనిపించవచ్చు. 19 ఇచ్చేయకండి. 17 దగ్గర పెట్టి చూడండి. దొరకకపోతే పక్కన 920, 960 స్ట్రైక్‌లలో ఎక్కడ ఎక్కువ ఓపెన్ ఇంటరెస్ట్ ఉందో చూడండి. పట్టీ పై అంచు 930కి దగ్గరగా, చేతులు మారే స్ట్రైక్ ఏదైతే అది చాలు. 960 దొరికితే సుమారు 23 రూపాయలు, రక్షణ ఇంకొంచెం ముందే మొదలవుతుంది. 920 దొరికితే సుమారు 12, అప్పుడు స్ట్రైక్ పట్టీ మధ్యలోకి వచ్చిందని, 940కన్నా ఇంకో 20 రూపాయల పతనం మీరే మోయాలని గుర్తుపెట్టుకోండి.

పన్ను గురించి చివరి ప్రశ్న. పుట్ మీద వచ్చే లాభనష్టాలు వ్యాపార ఆదాయం కింద వస్తాయి, షేర్‌ది మూలధన లాభం కింద. షేర్ పడి, పుట్‌లో లాభం వచ్చి, మీరు షేర్ అమ్మకుండా ఉంచుకుంటే, పుట్ లాభం మీద ఆ ఏడాదే పన్ను కట్టాలి. షేర్ నష్టం కాగితం మీదే ఉంటుంది, దాన్ని ఇందులో సర్దుకోవడం కుదరదు. 30 శాతం శ్లాబ్‌లో ఉన్నవారికి 36 రూపాయల పుట్ లాభంలో దాదాపు 11 పన్నుకే పోతుంది. ఇందాక వేసిన లెక్కలో 54 నష్టం అన్నాను కదా, ఆయనకి అది 65 అవుతుంది. మార్చి నెలలో పుట్ లాభం తీసుకుంటున్నా, ఏప్రిల్‌లో తీసుకుంటున్నా ఈ తేడా మీ ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని చూసుకోండి.